వరిమడి వలలో 200 పురుగులు: షానన్ సూచిక లెక్క, ఆ లెక్క చెప్పనివి

కీటకాల మీద ఫీల్డ్ రిపోర్టు అనగానే చివరి పేజీలో ఒక వాక్యం ఖాయంగా కనిపిస్తుంది: "షానన్ సూచిక 1.75, కాబట్టి వైవిధ్యం మధ్యస్థంగా ఉంది." అక్కడితో రిపోర్టు అయిపోతుంది. ఆ 1.75 ఎన్ని పురుగుల మీద వేసిన లెక్క, వాటిని జాతి వరకు గుర్తించారా లేక పెంకుపురుగులు, నల్లులు, మిడతలు అని కుప్పలు పోసి వదిలేశారా, కాలిక్యులేటర్ మీద ఏ మీట నొక్కారు, ఇవేవీ ఉండవు. ఇవి లేకపోతే ఆ అంకెను పక్క మడితో గానీ, వచ్చే ఏటి లెక్కతో గానీ పోల్చడానికి వీల్లేదు. అందుకే ఒకే ఒక్క నమూనా తీసుకుని, పట్టిక మొదటి గడి నుంచి చివరి అంకె దాకా వెళ్దాం, ఆ అంకె ఎక్కడెక్కడ కదులుతుందో కూడా చూద్దాం.

విశాఖ చుట్టుపక్కల విద్యార్థులకు అందుబాటులో ఉండే చోటు అంటే ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఖరీఫ్ వరి. అక్టోబర్‌లో పైరు పొట్ట దశ దాటి ఈనిక మొదలై, కొన్ని కంకులు పాలు పోసుకుంటున్న సమయం అనుకుందాం. స్వీప్ నెట్‌తో మడిలో ఐదు చోట్ల, చోటుకు 20 ఊపుల చొప్పున మొత్తం 100 ఊపులు. పొద్దున్నే మంచు ఆరాక ఊపాలి, తడి వలకు చిన్న దోమలు అంటుకుపోయి కాళ్లూ రెక్కలూ ఊడిపోతాయి, తర్వాత వాటిని గుర్తుపట్టడం ఎవరి వల్లా కాదు. మధ్యాహ్నం దాకా ఆగితే సముద్రపు గాలికి పైరు ఊగుతుంది, పురుగులు కిందికి దిగిపోతాయి. వలలో పడినదాన్ని ఇథైల్ ఎసిటేట్ దూది ఉన్న కవర్లోకి దులిపి, ఇంటికో ల్యాబ్‌కో తెచ్చి తెల్లటి ట్రేలో పోసి వేరు చేస్తారు. కింద ఇచ్చిన అంకెలు లెక్క తేలిగ్గా సాగడానికి కూర్చుకున్నవి, ఏ మడిలోనూ నిజంగా కొలిచినవి కావు. కానీ అందులోని పురుగులన్నీ మన వరిలో మామూలుగా తగిలేవే.

ట్రే ముందు కూర్చోగానే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. వలలో సాలీళ్లు తప్పకుండా పడతాయి. వాటికి ఎనిమిది కాళ్లు, అవి కీటకాలు కావు. రిపోర్టు పేరు "కీటక వైవిధ్యం" అయితే సాలీళ్లను ఈ పట్టికలో కలపకూడదు, వేరే సీసాలో వేసి వేరే లెక్క రాయాలి. వరిలో అవి ముఖ్యమైన మిత్రజీవులు కాబట్టి పారేయడం మాత్రం తప్పు. అలాగే పిల్ల పురుగుల సంగతి: దీపపు పురుగుల పిల్లలు పెద్దవాటికంటే ఎక్కువ దొరకొచ్చు, కానీ వాటిని జాతి దాకా గుర్తించడం కష్టం. ఇక్కడ పెద్ద పురుగులనే లెక్కించాం అని ఒక ముక్క రాసేస్తే సరిపోతుంది. రెండో మడిలో మాత్రం పిల్లల్ని కలిపి లెక్కపెట్టి, ఆ తర్వాత రెండు మడుల్నీ పోల్చకూడదు.

ఇక లెక్క. క్లాడ్ షానన్ 1948లో టెలిఫోన్, టెలిగ్రాఫ్ సందేశాల్లో ఎంత సమాచారం ఉందో కొలవడానికి ఈ సూత్రం ఇచ్చాడు, జీవావరణ శాస్త్రం వాళ్లు దాన్ని తర్వాత తమ పనికి తెచ్చుకున్నారు. సూత్రం ఇంతే:

```
H' = −Σ pᵢ ln pᵢ
```

p అంటే ఒక జాతి పురుగులు మొత్తంలో ఎంత వంతు అన్నది. ట్రేలోంచి కళ్లు మూసుకుని ఒక పురుగును తీస్తే అది ఏ జాతిదో ముందే చెప్పడం ఎంత కష్టం, అదే H' కొలిచేది. అన్నీ పచ్చ దీపపు పురుగులే అయితే చెప్పడం సులువు, H' సున్నా. తొమ్మిది జాతులూ సమానంగా ఉంటే చెప్పడం బాగా కష్టం, H' ఆ తొమ్మిదికి ఎంత వీలవుతుందో అంత పెద్దది అవుతుంది.

| కీటకం | సంఖ్య n | వంతు p | ln p | −p ln p |
|---|---|---|---|---|
| పచ్చ దీపపు పురుగు | 84 | 0.42 | −0.8675 | 0.3644 |
| మిరిడ్ నల్లి | 30 | 0.15 | −1.8971 | 0.2846 |
| సన్న తూనీగ | 24 | 0.12 | −2.1203 | 0.2544 |
| అక్షింతల పురుగు | 20 | 0.10 | −2.3026 | 0.2303 |
| పొట్టి కొమ్ముల మిడత | 16 | 0.08 | −2.5257 | 0.2021 |
| ఆకుముడత రెక్కల పురుగు | 14 | 0.07 | −2.6593 | 0.1861 |
| సుడిదోమ | 6 | 0.03 | −3.5066 | 0.1052 |
| కంపునల్లి | 4 | 0.02 | −3.9120 | 0.0782 |
| కాండం తొలిచే పురుగు, తల్లి పురుగు | 2 | 0.01 | −4.6052 | 0.0461 |
| మొత్తం | 200 | 1.00 | | 1.7514 |

మొదటి వరసను నెమ్మదిగా చూద్దాం. పచ్చ దీపపు పురుగులు 84, మొత్తం 200, కాబట్టి p = 84 ÷ 200 = 0.42. దాని సహజ లాగరిథం −0.8675. రెండూ గుణిస్తే −0.3644, ముందున్న మైనస్ గుర్తు వల్ల అది 0.3644 అవుతుంది. మిగతా ఎనిమిది వరసలూ అంతే, చివరి నిలువు వరస కూడితే H' వచ్చేస్తుంది. నాలుగు దశాంశాలకు కుదించిన అంకెలు కూడాం కాబట్టి 1.7514 వచ్చింది, ఏదీ కుదించకుండా కూడితే 1.7513. రిపోర్టులో 1.75 అని రాస్తే చాలు, 200 పురుగుల మీద నాలుగో దశాంశం దాకా ఖచ్చితత్వం ఉన్నట్టు చూపించడం అబద్ధం అవుతుంది. కానీ మధ్యలో p విలువల్ని మాత్రం కుదించకూడదు. ఇక్కడ 200 కాబట్టి చక్కగా వచ్చాయి, మొత్తం 187 అయితే రెండు దశాంశాలకు కుదించిన p లు కూడితే 1 రాకపోవచ్చు, ఆ తేడా కింద దాకా వెళ్తుంది.

ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ చేసేవాళ్లకు, సంఖ్యలు B2 నుంచి B10 వరకు, మొత్తం B11లో ఉంటే:

```
C2:  =B2/B$11
D2:  =LN(C2)
E2:  =-C2*D2
E11: =SUM(E2:E10)
```

B తర్వాత డాలర్ గుర్తు మర్చిపోతే ఫార్ములా కిందికి లాగినప్పుడు B11 కాస్తా B12, B13 అవుతుంది, గడుల్లో ఎర్రర్లు వస్తాయి, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి పెద్ద టెన్షన్ లేదు. రెండు మడులకు ఒకే జాతుల జాబితా వాడినప్పుడు ఒక మడిలో సున్నా ఉన్న జాతి దగ్గర `LN` కూడా `#NUM!` అంటుంది. దొరకని జాతి వాటా సున్నాయే, ఆ వరసకు 0 అని రాసేయాలి. కొందరు ఎర్రర్ పోగొట్టడానికి సున్నా బదులు 1 వేస్తారు, అది మాత్రం లేని పురుగును ఉన్నట్టు రాయడమే.

కంటికి కనిపించని తప్పు వేరే ఉంది. కాలిక్యులేటర్ మీద `log` మీట, ఎక్సెల్‌లో `LOG` ఫంక్షన్, రెండూ పది ఆధారంగా లెక్కిస్తాయి. R భాషలో మాత్రం `log()` అంటే సహజ లాగరిథమే. ఇదే పట్టికను పది ఆధారంతో వేస్తే 0.76 వస్తుంది, రెండు ఆధారంతో వేస్తే 2.53. మూడూ సరైన లెక్కలే, మూడూ ఒకే మడివి, కానీ ఒకటి చదివితే మడి ఎండిపోయినట్టు, ఇంకొకటి చదివితే కళకళలాడుతున్నట్టు అనిపిస్తుంది. ఏ ఆధారమో రాయని H' విలువ రూపాయలో డాలరో చెప్పని ధర లాంటిది. పాత రిపోర్టులో ఆధారం రాయకపోయినా పట్టిక ఉంటే కనిపెట్టొచ్చు: సహజ లాగరిథంతో వేస్తే ఏ ఒక్క వరస వాటా కూడా 0.368 దాటదు, ఎందుకంటే −p ln p అన్నది p దాదాపు 0.37 దగ్గర శిఖరానికి చేరి మళ్లీ దిగుతుంది. మన పట్టికలో 0.42 వంతు ఉన్న దీపపు పురుగు వాటా 0.3644, శిఖరం పక్కనే ఉంది. ఏదైనా వరసలో 0.45 లాంటిది కనిపించిందంటే అక్కడ ఆధారం రెండు అయ్యుండాలి, లేదా లెక్క తప్పి ఉండాలి.

ఇంకో పరీక్ష మొత్తం మీద. H' ఎప్పుడూ ln S దాటదు, S అంటే జాతుల సంఖ్య. తొమ్మిది జాతులకు ln 9 = 2.197. మనది 1.751, అంటే గరిష్ఠంలో 0.80 వంతు. ఈ వంతునే ఈవెన్‌నెస్ అంటారు, J' అని రాస్తారు. తొమ్మిది జాతుల పట్టిక పెట్టి, సహజ లాగరిథం అని చెప్పి, H' = 2.6 అని రాసి ఉంటే ఇంక ముందుకు చదవక్కర్లేదు, ఎక్కడో కూడిక తప్పింది.

"1 కంటే తక్కువైతే తక్కువ వైవిధ్యం, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ" అని రిపోర్టుల్లో తరచూ కనిపించే కొలబద్ద కూడా ఈ పరీక్ష ముందు నిలవదు. H' 3 దాటాలంటే కనీసం 21 జాతులు ఉండాలి, అవీ దాదాపు సమాన సంఖ్యలో. తొమ్మిది జాతులే దొరికిన మడి ఎంత బాగున్నా 2.2 దాటలేదు. అంటే మధ్యస్థం అన్న ముద్ర మన చేతిలోని జాతుల సంఖ్య వల్లే ముందే పడిపోయింది. ఆ ముద్రల బదులు e ని H' ఘాతానికి తీసుకెళ్లడం మేలు, ఎక్సెల్‌లో `=EXP(E11)`. ఇక్కడ 5.76 వస్తుంది. దాని అర్థం, ఈ మడి వైవిధ్యం సమాన సంఖ్యలో ఉన్న దాదాపు ఆరు జాతుల వైవిధ్యంతో సమానం అని. జాతులు తొమ్మిది ఉన్నా దీపపు పురుగు పెత్తనం వల్ల అది ఆరుకు దిగింది. ఏ ఆధారంతో లెక్క వేసినా, అదే ఆధారాన్ని ఘాతానికి తీసుకెళ్తే ఇదే 5.76 వస్తుంది, ఆ గొడవ కూడా తీరిపోతుంది.

లెక్క వరకు ఇంతే, అరగంట పని. అసలు చిక్కు పట్టికలోని మొదటి నిలువు వరసలో ఉంది, పేర్ల దగ్గర.

"పచ్చ దీపపు పురుగు" అని ఒక వరస రాసేశాం. మన వరిలో ఆ పేరుతో తిరిగేవి కనీసం రెండు జాతులు, నెఫోటెట్టిక్స్ వైరెసెన్స్, నెఫోటెట్టిక్స్ నైగ్రోపిక్టస్. రెండూ ఆకుపచ్చవే, ఇంచుమించు ఒకే సైజు, మగవాటి రెక్కల కొసలు రెండింటికీ నల్లగానే ఉంటాయి. వలలోంచి దులపగానే అన్నీ ఒకటే అనిపిస్తుంది. చేతి భూతద్దంతో తల పైభాగం చూడాలి: నైగ్రోపిక్టస్‌కు తల ముందంచు వెంబడి నల్లటి పట్టీ ఉంటుంది, వెనక మెడ పలక ముందంచు కూడా నల్లగా ఉంటుంది. వైరెసెన్స్ తల మీద ఆ పట్టీ ఉండదు. 84 పురుగుల తలలు ఒక్కొక్కటి తిప్పి చూడటం విసుగే, అందుకే చాలా రిపోర్టుల్లో ఆ పని జరగదు.

చూశారనుకుందాం. 84లో 60 వైరెసెన్స్, 24 నైగ్రోపిక్టస్ అని తేలింది. మిగతా ఎనిమిది వరసలు అలాగే ఉన్నాయి. ఒక వరస బదులు రెండు: 0.30 వంతుకు 0.3612, 0.12 వంతుకు 0.2544, కలిపి 0.6156. పాత 0.3644 తీసేసి ఇది వేస్తే H' 1.75 నుంచి 2.00కి పెరిగింది. జాతులు పది, ఘాతం వేస్తే 7.4. మడిలో ఒక్క పురుగు పెరగలేదు, తగ్గలేదు, భూతద్దం పట్టుకున్నారు అంతే.

ఇది ఎదురు దిశలో ఇంకా గట్టిగా జరుగుతుంది. జాతుల జోలికి పోకుండా ఆర్డర్ల వారీగా వేసిన రిపోర్టులు బోలెడు. దీపపు పురుగు, మిరిడ్ నల్లి, సుడిదోమ, కంపునల్లి నాలుగూ హెమిప్టెరా కిందికి వెళ్లిపోతాయి, 124 పురుగులు, 0.62 వంతు. రెక్కల పురుగులు రెండూ లెపిడోప్టెరాలో కలిసి 16. తూనీగలు 24, పెంకుపురుగుల వరసలో అక్షింతల పురుగులు 20, మిడతలు 16. ఐదు వరసలు, H' = 1.19. అదే ట్రే, అదే 200. ఆర్డర్ల స్థాయిలో వేస్తే 1.19, జాతుల స్థాయిలో 1.75, పెద్ద వరసను సరిగ్గా విడదీస్తే 2.00. ఒక బ్యాచ్ పద్మనాభంలో ఆర్డర్ల వారీగా వేసి, ఇంకో బ్యాచ్ ఆనందపురంలో జాతుల వారీగా వేసి, "ఆనందపురంలో వైవిధ్యం ఎక్కువ" అని తేల్చితే, తేలింది పొలాల తేడా కాదు, గుర్తింపులో పెట్టిన ఓపిక తేడా.

విడదీసినప్పుడు ఎంత పెరుగుతుందన్నది ఆ వరస బరువును బట్టి ఉంటుంది. రెండే రెండు ఉన్న కాండం తొలిచే పురుగును రెండు వేరే జాతులని తేల్చినా H' 0.007 మాత్రమే కదులుతుంది. కాబట్టి భూతద్దం ముందు సమయం తక్కువగా ఉంటే పట్టికలో పైన ఉన్న వరసల మీద పెట్టాలి. అరుదైన పురుగు పేరు కోసం రోజంతా గుర్తింపు కీ పట్టుకుని కూర్చుని, 84 ఉన్న వరసను కళ్లతో చూసి వదిలేయడం ఈ సూచిక విషయంలో తలకిందుల పని. పేరు తేలకపోతే ఇబ్బంది లేదు, "దీపపు పురుగు 1, తల మీద పట్టీ లేదు", "దీపపు పురుగు 2, పట్టీ ఉంది" అని రాసినా లెక్క సరిగ్గానే వస్తుంది. సూత్రానికి పేరు అక్కర్లేదు, వేరు చేస్తే చాలు. మిడతల్లో, సన్న తూనీగల్లో కూడా ఇలాగే ఒకటి కంటే ఎక్కువ జాతులు కలిసిపోయే అవకాశం ఉంది, పట్టికలో ప్రతి వరస పక్కన ఏ స్థాయి వరకు గుర్తించారో రాయాలి.

ఇప్పుడు ఈ 0.25 పెరుగుదలను గుర్తుపెట్టుకుని వేరే సన్నివేశం చూద్దాం. రైతు దీపపు పురుగు మందు కొట్టాడు. వారం తర్వాత మళ్లీ 100 ఊపులు. వాదన కోసం దీపపు పురుగులు 84 నుంచి 20కి పడిపోయాయి, మిగతావేవీ మారలేదు అనుకుందాం, నిజంగా అంత శుభ్రంగా జరగదు గానీ. మొత్తం 136, జాతులు తొమ్మిదే. H' ఎంతో తెలుసా? 1.99. ఘాతం 7.3, ఈవెన్‌నెస్ 0.91. సూచిక ప్రకారం మందు కొట్టాక మడి వైవిధ్యం పెరిగింది. మడిలోకి కొత్తగా వచ్చింది ఏమీ లేదు, 64 పురుగులు పోయాయి, అంతే. పెత్తనం చేసే జాతి తగ్గితే మిగతావాటి వంతులు దగ్గరపడతాయి, సూచిక పైకి వెళ్తుంది. అది సూత్రం తప్పు కాదు, దాని పనే అది. కానీ "మందు వల్ల వైవిధ్యం మెరుగుపడింది" అని రాస్తే చదివినవాళ్లు పొలం బాగుపడిందనుకుంటారు. పక్కన మొత్తం సంఖ్య 200 నుంచి 136కి పడిందని, తగ్గింది ఏ వరసో రాస్తేనే నిజం బయటపడుతుంది. భూతద్దం ఇచ్చిన 2.00, మందు ఇచ్చిన 1.99 పక్కపక్కన పెడితే, H' ఒక్కటే చూసినవాళ్లకు ఏది ఎందుకు వచ్చిందో తెలిసే దారే లేదు.

ఇంకా లోతైన సంగతి ఉంది. మిరిడ్ నల్లి, అంటే సిర్టోరైనస్ లివిడిపెన్నిస్, చిన్న ఆకుపచ్చ నల్లి, సుడిదోమ గుడ్లను వెతికి పీల్చేస్తుంది, రైతుకు అది మిత్ర పురుగు. పట్టికలో దీపపు పురుగు 84, మిరిడ్ నల్లి 30 అని ఉంది. ఈ రెండు అంకెలూ అటుదిటు మార్చండి: మిరిడ్ 84, దీపపు పురుగు 30. వంతులు అవే, కూడిక అదే, H' మళ్లీ 1.75. మొదటిది పురుగు బెడద ఉన్న మడి, రెండోది మిత్ర పురుగులు కాపలా కాస్తున్న మడి. సూచికకు రెండూ ఒకటే. వరిలో కీటకాల రిపోర్టు చదివే వ్యవసాయాధికారికి గానీ రైతుకు గానీ కావాల్సింది ఆ తేడానే. పట్టికలో ఇంకో నిలువు వరస పెట్టి శత్రు పురుగు, మిత్ర పురుగు అని రాస్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది: మన నమూనాలో మిరిడ్, తూనీగ, అక్షింతల పురుగు కలిపి 74 మిత్రులు, మిగిలిన 126 పైరు తినేవి. ఈ ఒక్క వాక్యం H' కంటే ఎక్కువ చెబుతుందనేది నిస్సందేహం. అయితే అక్షింతల పురుగుల్లో వరిలో ఎక్కువగా కనిపించే మైక్రాస్పిస్ పుప్పొడి కూడా తింటుంది, ఈ ముద్రలు కూడా నూటికి నూరు పాళ్లు కావు.

సుడిదోమ వరసను కూడా ఒకసారి చూడాలి. ఆరే ఉన్నాయి, 0.03 వంతు. దీన్ని చూసి సుడిదోమ లేదని సంబరపడితే మోసపోయినట్టే. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది, వల మాత్రం పైరు పైభాగాన్ని తుడుచుకుంటూ పోతుంది. పైన తిరిగే దీపపు పురుగు, తూనీగ, మిడత వలలో దండిగా పడతాయి, కింద ఉన్న దోమ పడదు. దాని కోసం దుబ్బును వంచి, మొదట్లో అరచేత్తో తట్టి, నీళ్ల మీదో తెల్ల ట్రే మీదో పడినవాటిని దుబ్బుకు ఇన్ని అని లెక్కించాలి. ఆ అంకెను తెచ్చి ఈ పట్టికలో కలపడానికి వీల్లేదు, ఎందుకంటే 100 ఊపులకూ దుబ్బుల లెక్కకూ కొలమానం వేరు, వంతులన్నీ చెడిపోతాయి. విడిగా రాయాలి. కాబట్టి 1.75 అన్నది "మడిలోని కీటకాల వైవిధ్యం" కాదు, "స్వీప్ నెట్‌కు చిక్కిన, పైరు పైభాగంలోని పెద్ద కీటకాల వైవిధ్యం." రిపోర్టులో వాక్యం పొడుగవుతుంది, అవనీ.

ఇంక పోల్చడం సంగతి. రెండో మడిలో 1.80 వచ్చింది, మనది 1.75, అది మెరుగా? దీనికి H' చుట్టూ ఎంత ఊగిసలాట ఉందో తెలియాలి. దానికీ సూత్రం ఉంది:

```
var(H') = [Σ p (ln p)² − H'²] / N + (S − 1) / (2N²)
```

మన పట్టికలో చివరి రెండు నిలువు వరసలు గుణించి కూడితే, మైనస్ గుర్తు పట్టించుకోకుండా, Σ p (ln p)² = 3.818 వస్తుంది. అందులోంచి H' వర్గం 3.067 తీసేసి 200తో భాగిస్తే 0.00375, రెండో పదం 0.0001, మొత్తం 0.00385. వర్గమూలం 0.062. దీనికి రెట్టింపు, అంటే సుమారు 0.12 అటూ ఇటూ. మన మడి 1.63 నుంచి 1.87 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి 1.80తో తేడా ఉందని అనడానికి ఆధారం లేదు. పైగా ఈ సూత్రం ప్రతి పురుగూ విడివిడిగా, యాదృచ్ఛికంగా వలలో పడిందని అనుకుంటుంది. దీపపు పురుగులు అలా పడవు, ఒక మూల గుంపుగా ఉంటాయి, గట్టు దగ్గర ఒకలా, మడి మధ్యలో ఒకలా. నిజమైన ఊగిసలాట 0.12 కంటే ఎక్కువే ఉంటుంది.

అందుకే ఐదు చోట్ల పట్టినవాటిని ఒకే సంచిలో కలిపేయకుండా ఐదు కవర్లలో తేవాలి. పట్టికలో ఐదు నిలువు వరసలు, చివర మొత్తం. అప్పుడు చోటు చోటుకూ ఎంత తేడా ఉందో కళ్లకు కడుతుంది, 84లో 50 ఒక్క చోటే పడ్డాయా అన్నది కూడా తెలుస్తుంది. అయితే ఐదు H' ల సగటు తీసి దాన్నే మడి H' అని రాయకూడదు. ఒక్కో చోట పడేవి ఏ నలభయ్యో, రెండే ఉన్న కాండం తొలిచే పురుగు మూడు నాలుగు కవర్లలో అసలు ఉండదు, ఆ కవర్ల H' తక్కువ వస్తుంది, సగటూ తగ్గుతుంది. మడికి కలిపి వేసిన లెక్క, తేడా చూపడానికి చోట్ల లెక్క, రెండూ రెండు వేరే పనులకు. చిన్న నమూనాలో H' తక్కువ చూపడం ఎప్పుడూ ఉండేదే. దాన్ని కొంత సరిచేయడానికి (S − 1) ÷ 2N కలుపుతారు, మన 200 మీద అది 0.02, పట్టించుకోనక్కర్లేదు. అదే 40 పురుగులు, ఏడు జాతులు దొరికిన కవర్ మీద 0.075 అవుతుంది, పట్టించుకోవాలి. రెండు మడుల్ని పోల్చేటప్పుడు ఒకదాంట్లో 100 ఊపులు, ఇంకోదాంట్లో 40 ఊపులు ఉంటే చిన్నదానికి అన్యాయం జరిగినట్టే. అక్టోబర్‌లో వాయుగుండం పట్టి రెండో రోజు పని సగంలో ఆగిపోతే, ఆ 40 ఊపుల్ని 100తో పోల్చే బదులు మొదటి మడిలోనూ రెండు కవర్లే తీసుకుని 40కి 40 పోల్చడం నయం.

రిపోర్టులో ఫలితం రాసే చోట ఇలా ఉంటే చదివేవాళ్లకు అనుమానం రాదు: "ఈనిక దశలో ఉన్న వరిమడిలో, మంచు ఆరాక, స్వీప్ నెట్‌తో ఐదు చోట్ల 100 ఊపులు. పెద్ద కీటకాలు మాత్రమే, సాలీళ్లు విడిగా. N = 200, S = 9, H' = 1.75 (సహజ లాగరిథం), J' = 0.80, సమాన జాతుల సంఖ్య 5.8. పచ్చ దీపపు పురుగులను జాతుల వారీగా విడదీయలేదు. మిత్ర పురుగులు 74, పైరు తినేవి 126. సుడిదోమ ఈ పద్ధతిలో తక్కువగా చిక్కుతుంది, దుబ్బుల లెక్క వేరే పట్టికలో." దీని కింద ఐదు చోట్ల సంఖ్యలతో పూర్తి పట్టిక పెట్టాలి. రేపు ఇంకెవరైనా భూతద్దం పట్టుకుని 84 తలలూ చూసి 60, 24 అని తేలిస్తే, సీసాలో 70 శాతం ఆల్కహాల్‌లో పురుగులు భద్రంగా ఉంటే, వాళ్లు ఒక్క వరస మార్చుకుని కొత్త H' వేసుకోగలుగుతారు.